‘మీ బలహీనత ఏమిటి?’ అన్న తర్వాత వచ్చే ప్రశ్నకు సిద్ధం కండి

మొదటి మాక్ ఇంటర్వ్యూలో బలహీనత గురించి అడిగినప్పుడు నేను తడుముకోకుండా జవాబిచ్చాను. “ఏ పనైనా లోపం లేకుండా చేయాలనుకుంటాను, అందువల్ల కొంత ఆలస్యమవుతుంది” అన్నాను. ప్యానెల్లో ఉన్న మేడమ్ నెమ్మదిగా అడిగారు: “చివరిసారి అలా ఎప్పుడు ఆలస్యమైంది? ఏ పని? దానివల్ల ఎవరికి ఇబ్బంది కలిగింది?” మూడింటిలో ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. ఆ బలహీనత నాది కాదు, ఎక్కడో చదివి తెచ్చుకున్నది. దానికి తేదీ లేదు, సంఘటన లేదు, నష్టపోయిన మనిషి లేడు.

అప్పటినుంచి ఈ ప్రశ్నకు సిద్ధపడే పద్ధతి మార్చుకున్నాను. ముందు జవాబు రాసుకోవడం మానేసి, నాతో రెండేళ్లు కలిసి పనిచేసిన సహోద్యోగిని అడిగాను: “నాతో పనిచేసేటప్పుడు నీకు ఏది విసుగు తెప్పించేది?” తను ఆలోచించడానికి కూడా సమయం తీసుకోలేదు. “పని గడువుకు పూర్తి కాదని నీకు ముందే తెలిసిపోతుంది. కానీ ఆ మాట మాకు చివరిదాకా చెప్పవు” అంది. వినగానే మనసు చివుక్కుమంది. అదే నిజమని నాకు వెంటనే తెలిసింది. మీకూ అలా చివుక్కుమంటేనే సరైన చోట వెతుకుతున్నట్టు.

దానికి సంఘటన కోసం వెతుక్కోనక్కరలేకపోయింది. ఒక నివేదిక శుక్రవారం ఇవ్వాలి. రెండు పట్టికల్లో మొత్తాలు సరిపోవడం లేదని మంగళవారమే గమనించాను. నేనే సరిచేయగలననుకుని గురువారం సాయంత్రం వరకు ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి మరో ఇద్దరు నాతోపాటు కూర్చోవలసి వచ్చింది. ఇప్పుడు నా జవాబు ఇది:

“పనిలో చిక్కు వస్తే పై వారికి ఆలస్యంగా చెబుతాను. ఒకసారి మంగళవారం గమనించిన తప్పును గురువారం దాకా చెప్పకపోవడంతో ఇద్దరు సహోద్యోగులు రాత్రంతా పనిచేయాల్సి వచ్చింది. అప్పటినుంచి గడువులో సగం రోజులు గడిచేసరికి, పని ఎక్కడ ఉందో రెండు వాక్యాల్లో రాసి పంపుతున్నాను. కొత్త అధికారి దగ్గర మాత్రం ఇప్పటికీ కొంత తటపటాయిస్తాను.”

చెప్పడానికి అర నిమిషం చాలు. చివరి వాక్యాన్ని తీసేయమని కొందరు మిత్రులు సలహా ఇచ్చారు. నేను ఉంచాను. లోపం పూర్తిగా పోయిందని చెబితే అది బలహీనత కాకుండా విజయగాథ అవుతుంది. అడిగినవారికి అది వెంటనే తెలిసిపోతుంది. పైగా ఆ వాక్యం తర్వాత వచ్చే ప్రశ్న, “కొత్త అధికారి దగ్గర ఎందుకు?” అన్నది. దానికి నా దగ్గర నిజమైన జవాబు ఉంది.

ఇక బట్టీ పట్టినట్టు వినిపించడం గురించి. నిజమైన జవాబును కూడా ఇరవైసార్లు ఒకే మాటల్లో చెబితే అబద్ధంలాగే వినిపిస్తుంది. నేను ఫోనులో రెండు రోజుల తేడాతో రెండుసార్లు రికార్డు చేసి పక్కపక్కన విన్నాను. వాక్యాలు అక్షరం పొల్లుపోకుండా కలిశాయి, రెండో వాక్యం నుంచి వేగం కూడా పెరిగింది. అందుకని రాసుకున్న కాగితం పక్కన పెట్టి మూడు మాటలే గుర్తుంచుకున్నాను: మంగళవారం, ఇద్దరు, సగం గడువు. మిగతా వాక్యాలు అప్పటికప్పుడు రావాలి. ప్రశ్నను కూడా మార్చి అడిగించుకున్నాను. “మీ మిత్రులు మీ మీద ఏమని ఫిర్యాదు చేస్తారు?”, “ఏ విషయంలో మిమ్మల్ని మందలించారు?” అని అడిగితే అదే సంఘటనను మరో కొస నుంచి మొదలుపెట్టాలి. అలా మొదలుపెట్టలేకపోతే మీకు గుర్తున్నది వాక్యాలే తప్ప విషయం కాదు.

ఉన్న బలహీనతలన్నీ బోర్డు ముందు పరచనక్కరలేదు. ఆరోగ్యం, కుటుంబం లోపలి సంగతులు మీవి. నిజమైన వాటిలోంచి ఒకటి ఎంచుకోవడం మోసం కాదు, లేనిదాన్ని కల్పించడం మోసం. ఎంచుకునేటప్పుడు ఆ ఉద్యోగానికి ప్రాణమైనదాన్ని మాత్రం వదిలేయండి: లెక్కల శాఖకు వెళ్తూ అంకెల్లో పొరపాట్లు చేస్తానని చెబితే వారు మిమ్మల్ని తీసుకోలేరు. దరఖాస్తులో రాసిన బలాలతో అది ఢీకొంటుందేమో కూడా ఒకసారి చూసుకోండి.

అసలు ఇంటర్వ్యూలో ఒక సభ్యుడు మధ్యలోనే ఆపి, “ఆ ఇద్దరూ మిమ్మల్ని ఏమీ అనలేదా?” అని అడిగారు. ఈ ప్రశ్న నేను ఊహించలేదు. రెండు క్షణాలు ఆగి జరిగిందే చెప్పాను: “ఒకరు ఏమీ అనలేదు సార్. మరొకరు వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నేనే వెళ్లి క్షమాపణ అడిగాను.” ఆయన తల ఊపి, తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు.