ఉప్మా బ్యాచ్ పోయి గోడ ఔట్ వచ్చింది: మా టీమ్ జెర్సీ కథ

జెర్సీలు నిన్న రాత్రే చేతికొచ్చాయి. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది విజయవాడలో ఒక సందు టీమ్. సంక్రాంతికి జరిగే టెన్నిస్ బాల్ టోర్నమెంట్‌లో పేరివ్వాలి. టైగర్స్, కింగ్స్, వారియర్స్ వద్దని ముందే అనుకున్నాం. ఒకే గ్రౌండ్‌లో రెండు టైగర్స్ ఉంటే మైక్‌లో కామెంటరీ చెప్పే అతను ఎవరిని తిడుతున్నాడో ఎవరికీ అర్థం కాదు. వాట్సాప్ గ్రూప్‌లో ఓటింగ్ పెడితే 'ఉప్మా బ్యాచ్' గెలిచింది. వీధిలో మమ్మల్ని ఎలాగూ అలాగే అంటారు. ఎంట్రీ ఫీజు కట్టడం, సైజులు రాసుకోవడం గంటలో అయిపోయాయి.

అసలు నరకం జెర్సీ ప్రింటింగ్ షాపులో మొదలైంది. పేరు తెలుగులోనే ఉండాలని నా పట్టు. వాట్సాప్‌లో పంపిన పేరును షాపు కుర్రాడు కాపీ చేసి తన పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేశాడు. స్క్రీన్ మీద 'ఉప్‌మా బ్‌యాచ్' అని వచ్చింది. వత్తులన్నీ ఊడిపోయి, పొల్లు అక్షరాలు విడివిడిగా నిలబడ్డాయి. తప్పుగా ఉందన్నాను. "రెండూ ఒకటే కదన్నా, చదివితే అదే వస్తుంది" అన్నాడు. ఓనర్ వచ్చి, షాపులో ఉన్నవాళ్లందరి ముందు నాకో తెల్ల కాగితం ఇచ్చి, "ఎలా ఉండాలో రాసి చూపించండి సార్" అన్నాడు. రాశాను. "ఒక ఉప్మాకి ఇంత గోలా?" అన్నాడు. వెనక వారియర్స్ అని ఆర్డర్ ఇవ్వడానికొచ్చిన కుర్రాళ్లు పగలబడి నవ్వారు. కంప్యూటర్ ముందు కూర్చుని అక్షరాలతో బతికేవాడికి వత్తు అంటే పట్టకపోతే ఏం చెప్పాలి?

ఈ తగాదాలో నేను వెనక్కి తగ్గకపోవడానికి కారణముంది. ఫుల్ ప్రింట్ జెర్సీలు సబ్లిమేషన్ పద్ధతిలో చేస్తారు. డిజైన్‌ను ముందు కాగితం మీద అద్దంలో బొమ్మలా తిరగేసి ప్రింట్ తీసి, వేడి ప్రెస్‌లో తెల్ల పాలిస్టర్ గుడ్డ మీదికి ఎక్కిస్తారు. ఆ తర్వాతే కుడతారు. రంగు దారంలోకి ఇంకిపోతుంది కాబట్టి తప్పు పడితే చెరపడం కుదరదు, గుడ్డ పారేయాల్సిందే.

ఇంటికొచ్చి నేనే ఇంక్‌స్కేప్‌లో పేరు టైప్ చేశాను. అది ఉచితమే, వత్తులు సరిగ్గా పడతాయి. రామభద్ర లాంటి లావు ఫాంట్ పెట్టి, Path మెనూలో Object to Path నొక్కితే అక్షరాలు బొమ్మలైపోతాయి. ఇక షాపులో ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నా, ఫాంట్ లేకపోయినా చెదరవు. దాన్ని పీడీఎఫ్‌గా పంపాను. తెలుగులో ప్రింట్ చేయించుకునేవాళ్లు టెక్స్ట్ మాత్రం పంపకండి, ఇలా బొమ్మగానే పంపండి. ఆ కుర్రాడు మాత్రం తనే కష్టపడి డిజైన్ చేసినట్టు దానికీ చార్జీ అడిగాడు. ఇవ్వలేదు.

అంతా అయిందనుకుంటే స్పాన్సర్ బాబాయ్ అడ్డం పడ్డాడు. సగం డబ్బు పెట్టింది ఆయన టిఫిన్ సెంటరే కాబట్టి ఛాతీ మీద మా పేరు కిందే ఆయన పేరు ఉండాలి. 'ఉప్మా'లో మావత్తు, 'బ్యా'లో యావత్తు కిందికి దిగి ఆయన పట్టీని గుద్దుతున్నాయి. వత్తులకు చోటివ్వాలంటే అసలు అక్షరాలను చిన్నవి చేయాలి. చేసి కాగితం మీద ప్రింట్ తీసి గోడకంటించి, పిచ్ అంత దూరం నుంచి చూశాం. నల్లటి మరకలా ఉంది తప్ప పేరు కనిపించలేదు. బాబాయ్ పట్టీ తగ్గించమంటే ఒప్పుకోలేదు. పైగా "మన సెంటర్ ఇడ్లీకి ఫేమస్, ఉప్మా ఎందుకురా?" అన్నాడు.

అప్పుడు మా వికెట్ కీపర్ అన్నాడు, "గోడ ఔట్ అని పెడదాం." మా సందులో ఆడేటప్పుడు మూలింటి రిటైర్డ్ మాస్టారి గోడ దాటితే సిక్స్ కాదు, ఔట్. బంతి ఆయన తిరిగివ్వరు. ఈ రూల్ లేని వీధి ఉండదు కాబట్టి పేరు విన్నవాడెవడైనా వెంటనే నవ్వుతాడు. పైగా ఒక్క వత్తు కూడా లేదు. 10 అంగుళాల వెడల్పులో, ఒకే వరుసలో, అక్షరాలు పెద్దగా వచ్చాయి. అదే దూరం నుంచి చూస్తే కళ్లజోడు లేకుండానే చదవగలిగాం. టీమ్‌కి పేరు వెతికేవాళ్లు వత్తుల్లేని పేరు చూసుకోండి, సగం బాధ తప్పుతుంది.

ఇప్పుడు భయమల్లా టోర్నమెంట్ వాళ్ల నుంచే. పేరు రాయించడానికి వెళ్తే స్కోరర్ పెన్ను పక్కనపెట్టి, "మీ ఓపెనర్ నాటౌట్‌గా మిగిలితే 'గోడ ఔట్ నాటౌట్' అని రాయాలా?" అని అడిగాడు. మైక్ అతను అప్పటికే మా మొదటి మ్యాచ్‌కి 'గోడ ఔట్ ఆలౌట్' అని ప్రాక్టీస్ మొదలుపెట్టాడట.