నోటిలెక్కల లాగ్ ప్రాక్టీస్: ఒకటి కంటే చిన్న నంబర్ల దగ్గరికొచ్చా

ఒకటి కంటే పెద్ద నంబర్లకి క్యాలిక్యులేటర్ లేకుండా లాగ్ చెప్పడం ఇప్పుడు చేతిలోకి వచ్చేసింది, 2 కి 0.301, 3 కి 0.477, 7 కి 0.845 గుర్తుంటే మిగతావి చాలావరకు వాటిని కలిపి తీసేసి లాగొచ్చు. ఈ విడతంతా సున్నాకి ఒకటికి మధ్య ఉన్నవాటి మీదే కూర్చున్నా. బేస్ అన్నిచోట్లా 10.

ముందు మైనస్ ఎందుకొస్తుందో చూద్దాం, ఎందుకంటే రూల్‌లా బట్టీ పడితే సైజు అంచనా దగ్గర బండి ఆగిపోతుంది. లాగ్ అడిగే ప్రశ్న ఒక్కటే, 10 ని ఏ పవర్‌కి ఎత్తితే ఈ నంబర్ వస్తుంది అని. పవర్ 2 అయితే 100, 1 అయితే 10, 0 అయితే 1. పవర్ ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా నంబర్ పదో వంతు అయిపోతోంది కదా, అదే దిగుడు ఆపకుండా కంటిన్యూ చేస్తే పవర్ -1 దగ్గర 0.1, -2 దగ్గర 0.01 వస్తాయి. పవర్ ప్లస్‌లో ఉంటే వచ్చేది ఎప్పుడూ ఒకటి కంటే ఎక్కువే, కాబట్టి ఒకటి కిందకి పోవాలంటే పవర్ సున్నా కిందకి పోక తప్పదు, అంతే. ఎంత కిందకి పోయినా నంబర్ సున్నాని మాత్రం తాకదు, అందుకే సున్నాకి లాగ్ లేదు. (బేస్ ఒకటి కంటే తక్కువుంటే, అంటే 0.5 లాంటిదైతే, గుర్తులన్నీ తిరగబడతాయి. అలాంటి బేస్ వాడేవాళ్లు అరుదు గనక దాని జోలికి పోవట్లేదు.)

సైన్ సంగతి అయిపోయింది, నంబర్‌ని ఒకటితో పోల్చి చూస్తే చాలు. అసలు పని సైజులో ఉంది.

0.00037 తీసుకుందాం. ఇది 0.0001 కి 0.001 కి మధ్యలో ఉంది, అంటే లాగ్ -4 కి -3 కి మధ్యలో ఉండి తీరాలి. ఈ రెండు గోడలు ముందే కట్టేసుకోవాలి, తర్వాత ఏం చేసినా ఆన్సర్ వీటి మధ్యే పడాలి. ఇప్పుడు నంబర్‌ని 3.7 × 10^-4 అని రాస్తే లాగ్ రెండు ముక్కలవుతుంది, -4 ఒకటి, 3.7 కి లాగ్ ఇంకోటి. 3.7 కి ఎంత? 10 కి వర్గమూలం 3.16, దాని లాగ్ సరిగ్గా 0.5. 4 కి లాగ్ 0.602. 3.16 నుంచి 4 దాకా ఉన్న దూరంలో 3.7 మూడింట రెండొంతులకి కొంచెం తక్కువ దగ్గరుంది, ఆ లెక్కన 0.565 వస్తుంది. అసలు విలువ 0.568. లాగ్ గీత పైకి వంగి ఉంటుంది కాబట్టి ఇలా సరళరేఖలో లెక్కేస్తే ఎప్పుడూ కాస్త తక్కువే వస్తుంది, అది తెలుసు గనక చివర్లో చిటికెడు పెంచేస్తా.

ఇప్పుడు వస్తుంది అందరూ పడే గొయ్యి. -4 పక్కన 0.568 పెట్టి -4.568 అని రాసేస్తారు. కానీ ఆ 0.568 ప్లస్, -4 నుంచి పైకి ఎక్కాలి, అంటే -4 + 0.568 = -3.432. గోడలు ముందే కట్టుకుని ఉంటే -4.568 చూడగానే ఇది -4 కి అవతల పడిందేంటి అని తెలిసిపోతుంది. పాత లాగ్ టేబుళ్లలో నాలుగు మీద బార్ గీసి పక్కన .568 రాసేవాళ్లు, దాని అర్థం బార్ కింది నాలుగు మాత్రమే మైనస్, పాయింట్ తర్వాతది ప్లస్ అని. టేబుల్లో మాంటిస్సాలు ప్లస్‌లోనే ఉంటాయి, 3.7 కైనా 370 కైనా 0.00037 కైనా అదే 568 పనికొస్తుంది, అందుకే ఆ ఏర్పాటు. బార్ పద్ధతి తెలిసినవాళ్లు క్యాలిక్యులేటర్‌లో -3.432 చూసి ఇదేదో తేడాగా ఉందే అనుకుంటారు, రెండూ ఒకటే.

చెక్ చేసుకోడానికి నాకు బాగా కుదిరింది తిరగేయడం. 1 ని 0.00037 తో భాగిస్తే సుమారు 2700, దాని లాగ్ 3.43, ముందు మైనస్ పెడితే మన ఆన్సర్. నంబర్‌ని తలకిందులు చేస్తే లాగ్‌కి గుర్తు మాత్రమే మారుతుంది. దీన్నుంచే ఇంకోటి కూడా తేలుతుంది, సున్నా నుంచి ఒకటి దాకా ఉన్న ఆ చిన్న ముక్క, ఒకటి నుంచి అనంతం దాకా ఉన్నదానికి పూర్తి జోడీ. అందుకే ఇక్కడ కంటి అంచనా మోసం చేస్తుంది: 0.1 కి 1 కి నడిమధ్య 0.55 అనిపిస్తుంది గానీ లాగ్‌లో మధ్య 0.316. 0.5 లాగ్ -0.301 మాత్రమే, సగానికి కూడా రాలేదు.

ఒకటికి బాగా దగ్గరున్న నంబర్లకి ఈ గోడల పద్ధతి దండగ, -1 కి 0 కి మధ్య అని చెబితే ఏం ఉపయోగం. అక్కడ ఒకటికి ఎంత తక్కువుందో చూసి దాన్ని 0.434 తో గుణిస్తా. 0.97 అంటే 0.03 తక్కువ, కాబట్టి సుమారు -0.0130, అసలు -0.0132. 0.9 కి ఇలా చేస్తే -0.043 వస్తుంది, అసలు -0.046, పర్లేదు. 0.8 దగ్గర మాత్రం -0.087 వస్తుంది, అసలు -0.097, ఇక నమ్మకూడదు. అక్కడ నేరుగా 8 లాగ్ 0.903 లోంచి 1 తీసేయడమే బెటర్. అసలు విలువ ఎప్పుడూ ఈ అంచనా కంటే ఇంకా కిందే ఉంటుంది, తప్పు ఎటువైపో తెలియడం కూడా మంచిదే.

వీటన్నిటికీ అసలు ప్రయోజనం చిన్న నంబర్లని చాలాసార్లు గుణించేటప్పుడు కనిపించింది. ఒక్కోసారి 0.3 సంభావ్యత ఉన్న పని వరుసగా 12 సార్లు జరగడానికి ఎంత అవకాశం? 0.3 లాగ్ 0.477 - 1, అంటే -0.523. 12 తో గుణిస్తే -6.276. వెనక్కి రావడానికి ఇందాకటి పనే ఉల్టా చేయాలి, -6.276 ని -7 + 0.724 గా విడగొట్టాలి. 5 కి లాగ్ 0.699, 0.724 దానికి కొంచెం పైన, కాబట్టి 5.3 అనుకుంటే 5.3 × 10^-7. పూర్తిగా గుణిస్తే 0.00000053144, అంటే మొదటి రెండు అంకెలు కరెక్ట్. కాకపోతే 0.523 లో ఉన్న చిన్న తేడా కూడా 12 రెట్లయి వస్తుంది, పవర్ 100 లాంటిదైతే మూడు దశాంశాలు చాలవు, 0.5229 వాడాలి.

ఇప్పుడు సహజ లాగ్ మొదలుపెట్టా, ఇదే ఆన్సర్‌ని 2.303 తో గుణించడమే, 0.00037 కి -7.90 వస్తుంది. సైన్ అదే ఉంటుంది, గోడలు మాత్రం పదుల దగ్గర ఉండవు, అందుకే ముందు బేస్ 10 లో తీసి ఆఖర్లోనే గుణిస్తున్నా.