ఎన్‌పీ ఎలుకతో నాకు జెర్మినల్ సెంటర్ అర్థమైన తీరు

మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకి ముందు అప్పగించేది ఎన్‌పీ ప్రయోగమే, నాకూ అదే వచ్చింది. ఎన్‌పీ అనే చిన్న రసాయన అణువుని కోడి గామా గ్లోబ్యులిన్‌కి అతికించి, రోగనిరోధక స్పందనని పెంచే ఆలమ్‌తో కలిపి C57BL/6 రకం ఎలుకకి ఇస్తాం. ఈ ఎలుకలో ఎన్‌పీని పట్టే యాంటీబాడీలు ఎక్కువగా VH186.2 అనే ఒకే జీన్ నుంచి వస్తాయి. అసలు జీన్ ఎలా ఉంటుందో ముందే తెలుసు కాబట్టి ఏ డీఎన్‌ఏ అక్షరం మారిందో ఇట్టే దొరికిపోతుంది.

యాంటీబాడీలు తయారుచేసేవి బి కణాలు. ఎన్‌పీని పట్టుకున్న బి కణం ముందు టి కణం సాయం తీసుకుంటుంది. క్లాస్ స్విచింగ్ చాలావరకు ఇక్కడే, బి కణాలు గుంపుగా చేరి తమ యాంటీబాడీ పట్టుని మెరుగుపరుచుకునే చోటైన జెర్మినల్ సెంటర్ సరిగ్గా ఏర్పడకముందే జరిగిపోతుంది. పాఠాల్లో దాన్ని చివర్లో చెబుతారు, నన్ను తికమక పెట్టింది ఆ వరసే. స్విచింగ్‌లో మారేది యాంటీబాడీ తోక మాత్రమే: ఐజీఎం పోయి ఐజీజీ1 వస్తుంది, ఎన్‌పీని పట్టే కొస అలాగే ఉంటుంది.

వారం తిరిగేసరికి ప్లీహంలో జెర్మినల్ సెంటర్లు కనిపిస్తాయి. అందులో డార్క్ జోన్‌లో బి కణాలు గబగబా విభజన చెందుతుంటాయి, ఏఐడీ అనే ఎంజైము వాటి యాంటీబాడీ జీన్‌లో సైటోసిన్‌ని యురాసిల్‌గా మారుస్తుంటుంది, దాన్ని బాగుచేయడానికి వచ్చే ఎంజైముల్లో కొన్ని తప్పుడు అక్షరాలు పెట్టి పోతాయి. విభజనకి సుమారు వెయ్యి అక్షరాలకి ఒక మార్పు. ఇదే సొమాటిక్ హైపర్‌మ్యుటేషన్. ఏ మార్పు పనికొస్తుందో ఏఐడీకేం తెలుసు? చాలా మార్పులు ఉపయోగం లేనివి, కొన్నయితే యాంటీబాడీనే చెడగొడతాయి.

ఎంపిక జరిగేది లైట్ జోన్‌లో. అక్కడ ఫాలిక్యులర్ డెండ్రిటిక్ కణాలు యాంటిజెన్‌ని, అంటే మనం ఇచ్చిన ఎన్‌పీ ప్రోటీన్‌ని, పట్టుకుని ఉంటాయి. గట్టిగా అతుక్కునే బి కణం ఎక్కువ యాంటిజెన్ లాక్కుని, దాని ముక్కల్ని టి ఫాలిక్యులర్ హెల్పర్ కణానికి చూపిస్తుంది. ఆ హెల్పర్లు కొద్దిమందే, సాయం దొరకని బి కణాలు చచ్చిపోతాయి, దొరికినవి మళ్లీ డార్క్ జోన్‌కి వెళ్లి విభజన మొదలుపెడతాయి. ఈ తిరుగుడులో గెలిచినవాటి సీక్వెన్స్ తెరిచి చూస్తే 33వ స్థానంలో TGG బదులు TTG ఉంది, అంటే ట్రిప్టోఫాన్ పోయి ల్యూసిన్ వచ్చింది. ఈ ఒక్క మార్పుతోనే పట్టు పది రెట్లు పెరుగుతుంది.

పట్టు ఇలా గట్టిపడటాన్నే అఫినిటీ మెచ్యూరేషన్ అంటారు. దీన్ని రక్తంలో చూడ్డానికి, యాంటీబాడీని కొలిచే ఎలైజా ప్లేట్లు రెండు రకాలు వేస్తాం. ఎన్‌పీ దట్టంగా అంటించిన NP30 ప్లేటు మీద బలహీనమైన యాంటీబాడీ కూడా రెండు చేతులతో వేలాడి నిలబడుతుంది, పలచగా ఉన్న NP2 మీద గట్టివే మిగులుతాయి. NP2 విలువని NP30 విలువతో భాగిస్తే వచ్చే నిష్పత్తి వారాలు గడిచేకొద్దీ పెరగాలి. ఐజీజీ1 బాగా ఉండి నిష్పత్తి మాత్రం కదలకపోతే, స్విచింగ్ జరిగింది గానీ అఫినిటీ మెచ్యూరేషన్ జరగలేదని అర్థం.

ఏఐడీ లేని ఎలుక సీరం ఇంకో రకం, ఎందుకంటే స్విచింగ్‌కి కూడా ఏఐడీయే కావాలి. ఎన్ని వారాలైనా ఐజీజీ1 ప్లేటు ఖాళీగానే ఉంటుంది, ఉన్నదంతా ఐజీఎమ్మే. అయినా జెర్మినల్ సెంటర్లు మాత్రం మామూలు కంటే పెద్దవిగా ఉంటాయి. ఏఐడీ జీన్ లోపంతో పుట్టిన మనుషుల్లోనూ ఇదే తీరు, హైపర్ ఐజీఎం సిండ్రోమ్ టైప్ 2 అంటారు. వాళ్ల లింఫ్ గ్రంథులు, టాన్సిల్స్ వాచి ఉంటాయి.