ఆసుపత్రి పక్కన పైలింగ్: 50 డెసిబెల్స్ దగ్గర ఇరుక్కున్న మా రిపోర్టు

చివరి పైల్ కాంక్రీటు పడింది, తవ్వే యంత్రం రిగ్ సైటు నుంచి వెళ్లిపోయింది. ఇంకా కోపం చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. ఆలస్యం చేస్తే అసలు విషయం వదిలేసి పద్ధతి మాత్రమే రాస్తాను.

విజయవాడలో ఒక కమర్షియల్ భవనానికి పునాదులు. పైన నల్లమట్టి, కింద ఇసుక, నీళ్లు పైనే. నేలలో లోతుగా దిగే కాంక్రీటు స్తంభాలు, అంటే పైల్స్ తప్ప దారి లేదు. వ్యాసం 800 మిల్లీమీటర్లు, లోతు సుమారు 24 మీటర్లు, తవ్వి కాంక్రీటు పోసే రకం. పక్కనే ఆసుపత్రి. మా మొదటి వరస పైల్స్‌కీ వాళ్ల గోడకీ మధ్య 22 మీటర్లు. మొదటి అంతస్తులో ఆపరేషన్ థియేటర్లు, మూడో అంతస్తులో ఐసీయూ, వెనకవైపు కింద మాకు 40 మీటర్ల దూరంలో ఎమ్మారై. ఆసుపత్రి వాళ్లు అభ్యంతరం రాశారు. శబ్దం, కంపనాల మీద రిపోర్టు ఇచ్చాకే పని మొదలుపెట్టమని అనుమతిచ్చే ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. అది రాసే పని నాకు పడింది.

ముందుగా ఏ పనీ లేనప్పుడు శబ్దం కొలిచాం. రోడ్డు, జనరేటర్, అంబులెన్సులు అన్నీ కలిసి ఆసుపత్రి గోడ దగ్గర పగలు సగటున 66 డెసిబెల్స్. ఈ కొలత సులువుగానే అయిపోయింది. కథంతా తర్వాత దీని చుట్టూనే తిరిగింది.

రాబోయే శబ్దం లెక్క కూడా కష్టం కాదు. పెద్ద రోటరీ రిగ్‌కు బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5228 పట్టికలో 10 మీటర్ల దగ్గర 83 డెసిబెల్స్ అని ఉంది. 22 మీటర్లకు వచ్చేసరికి అది 76 అవుతుంది. రిగ్ సగం సమయమే నిజంగా తవ్వుతుంది కాబట్టి 3 తీసేయాలి. గోడకు తగిలి వెనక్కొచ్చే శబ్దానికి 3 కలపాలి. మళ్లీ 76. చాలామంది ఇక్కడ రేకుల అడ్డం పెడతామని రాసి 10 తగ్గించేస్తారు. కింది అంతస్తుకు అది నిజమే. మూడో అంతస్తు కిటికీలోంచి చూస్తే రేకుల మీదుగా రిగ్ పైభాగమంతా కనబడుతుంది. కంటికి కనబడే యంత్రానికి అడ్డం లేనట్టే. అందుకని ఐసీయూకు ఒక్క డెసిబెల్ కూడా తగ్గించలేదు.

ఆ రిపోర్టు తీసుకుని ఆఫీసుకు వెళ్లాను. మా క్లయింటు, ఆసుపత్రి వైపు నుంచి ఇద్దరు, గది నిండా జనం. పెద్దసారు కాగితం తిప్పి, "ఆసుపత్రి అంటే సైలెన్స్ జోన్. పగలు 50, రాత్రి 40. నువ్వే 76 అని రాశావు. ఇంకేం చెప్తావు?" అన్నారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఆ సంఖ్యలే ఉన్నాయి, ఆసుపత్రి చుట్టూ సైలెన్స్ జోన్‌గా ప్రకటించిన కనీసం 100 మీటర్లకు వర్తిస్తాయి, అందులో తప్పేమీ లేదు. నేను పక్క పట్టిక చూపించి, "సార్, మేం అడుగు పెట్టకముందే ఇక్కడ 66 ఉంది" అన్నాను. ఆయన ఆ పట్టిక వంక చూడలేదు. "అయితే నీ మీటరు చెడిపోయింది. చదువుకునే వచ్చావా, ఎవరైనా పంపితే వచ్చావా?" అన్నారు. గదిలో కొందరు నవ్వారు. మీటరు క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ నా చేతిలోనే ఉంది. దాన్ని కూడా చూడలేదు. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ని, అంతమంది ముందు అలా నిలబడాల్సి వచ్చింది.

బయటికొచ్చాక అక్కడి చిన్న ఉద్యోగి ఒకాయన వెనకాలే వచ్చి, "49 అని రాసుకురండి సార్, సాయంత్రానికి సంతకం అయిపోతుంది" అన్నారు. మా క్లయింటు కూడా కారులో అదే మాట. నేను ఒప్పుకోలేదు. నిజాయితీ సంగతి ఎలాగూ ఉంది, దానితోపాటు పని జ్ఞానం కూడా చెప్పేది అదే. 49 అని మనం రాసిస్తే పని మొదలైన రోజే ఆసుపత్రి వాళ్ల మీటరులో 76 పడుతుంది. మన రిపోర్టే మన మీద సాక్ష్యమవుతుంది. అప్పుడు ఆ చిన్న ఉద్యోగి మనల్ని గుర్తుపట్టడు. ఇలాంటి రిపోర్టులు రాసే కుర్రాళ్లు ఈ ఒక్క మాట పట్టుకోండి: చేరుకోలేని సంఖ్యను ఎవరు చెప్పినా రాయొద్దు.

రిపోర్టును మళ్లీ కట్టాను. సంఖ్యలు మార్చలేదు, వరస మార్చాను. ప్రతి చోటుకూ ఒకే పట్టికలో చట్టం చెప్పే పరిమితి, ఇప్పుడున్న స్థాయి, పని జరిగేటప్పుడు ఉండబోయే స్థాయి పక్కపక్కన పెట్టాను. 50 ఇప్పటికే దాటిపోయిందని మొదటి పేజీలోనే రాశాను. ఇప్పుడున్న స్థాయికి 5 డెసిబెల్స్ మించి పెరిగితే ప్రభావం ఉన్నట్టుగా చూసే పద్ధతి బీఎస్ 5228లో ఉంది. అంటే మాకు 71. వెనక వరసలు 45 మీటర్ల అవతల ఉన్నాయి, అక్కడి నుంచి వచ్చేదాన్ని ఇప్పుడున్న శబ్దంతో కలిపినా మొత్తం సుమారు 71 దగ్గరే ఆగుతుంది. ముందు వరస మాత్రం దాటుతుంది. దాటుతుందనే రాసి, ఆ వరసకు వేళలు తగ్గిస్తామని, తేదీలు ముందే చెప్తామని, రిగ్ ఇంజిన్ వైపు ఆసుపత్రికి ఎదురుగా ఉండదని రాశాను. సైలెన్స్ జోన్‌లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా శబ్దం చేసే నిర్మాణ యంత్రాలు వాడకూడదని 2010 సవరణ చెప్తుంది. మేం సాయంత్రం ఆరుకే ఆపేస్తామన్నాం. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న మిక్సర్ల వల్ల కాంక్రీటు రాత్రిలోకి జారకూడదు కాబట్టి మధ్యాహ్నం మూడు దాటితే కొత్త పైల్ తవ్వడం మొదలుపెట్టకూడదని కూడా చేర్చాను. ఈ చివరి వాక్యమే ఆసుపత్రి సూపరింటెండెంట్ మేడమ్‌కు నమ్మకం కలిగించింది. "మీరు కాంక్రీటు గురించి కూడా ఆలోచించారే" అన్నారు.

ఆసుపత్రి వాళ్లకు శబ్దం కన్నా కంపనం భయం ఎక్కువ. ఆ భయం సరైనదే. భవనం పగలడానికి సంబంధించిన పరిమితులు జర్మన్ ప్రమాణంలో తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర మామూలు ఇళ్లకు కంపన వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు. ఆ సంఖ్య చూపించి చేతులు దులుపుకునే రిపోర్టులు చాలా చూశాను. కంటి ఆపరేషన్ చేసే డాక్టరు గోడ పగుళ్ల గురించి అడగడం లేదు, మైక్రోస్కోపు కింద బొమ్మ కదులుతుందా అని అడుగుతున్నారు. థియేటర్లకు వాడే పరిమితి సగటు విలువలో సెకనుకు 0.1 మిల్లీమీటరు. గరిష్ఠ విలువను నాలుగుతో భాగిస్తే సుమారుగా ఆ సగటు వస్తుంది. అంటే గరిష్ఠం 0.4 దాటకూడదు.

తవ్వేటప్పుడు వచ్చే కంపనానికి అమెరికా రవాణా శాఖ ఇచ్చే అంచనా పద్ధతి వాడితే 22 మీటర్ల దగ్గర గరిష్ఠం 0.46 వచ్చింది. పరిమితిని కొంచెం దాటింది. అసలు ప్రమాదం మాత్రం కేసింగ్ దగ్గర. పైన మట్టి కూలకుండా ఆరు మీటర్ల ఉక్కు గొట్టం దింపాలి, దాన్నే కేసింగ్ అంటాం. మా సబ్‌కాంట్రాక్టర్ దాన్ని గొట్టాన్ని వణికిస్తూ నేలలోకి దించే వైబ్రో హ్యామర్‌తో దింపుతానన్నాడు. బీఎస్ 5228 సూత్రంతో లెక్కేస్తే 22 మీటర్ల దగ్గర సగం సందర్భాల్లో 1.1, చెడ్డ సందర్భాల్లో 4.8 దాకా వెళ్లొచ్చు. "తవ్వే పైల్, కొట్టే పైల్ కాదు, కంపనం ఉండదు" అని మీటింగుల్లో చెప్పేవాళ్లు ఈ గొట్టాన్ని మర్చిపోతారు. వైబ్రో తీసేయించాం. కేసింగ్‌ను రిగ్‌తోనే తిప్పుతూ దింపే అడాప్టర్ తెప్పించాం. అద్దె ఎక్కువైందని క్లయింటు ఇప్పటికీ నామీద గుర్రుగా ఉన్నారు.

ఎమ్మారైకి బయటి ప్రమాణాలు పనికిరావు. ఆ యంత్రం తయారీదారు ఇచ్చే సైట్ ప్లానింగ్ పుస్తకంలో ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత ఓర్చుకుంటుందో ఉంటుంది. అది బయోమెడికల్ ఇంజినీరు దగ్గర దొరుకుతుంది, ముందు అతన్ని కలవండి. మా లెక్కలో 40 మీటర్ల దగ్గర గరిష్ఠం 0.19, ఆ పుస్తకంతో పోల్చితే తేల్చి చెప్పలేని స్థితి. అందుకే స్కాన్లు లేని వేళల్లో ఒక ట్రయల్ పైల్ వేద్దామని అడిగాను.

కాగితాల మీద తేలనిది ఆ ట్రయల్ తేల్చింది. కంపన మీటర్లు గోడ పాదం దగ్గర ఒకటి, థియేటర్ నేల మధ్యలో ఒకటి, ఎమ్మారై గదిలో ఒకటి. నేల మధ్యలో పెట్టడం ముఖ్యం. మా దగ్గర గోడ పాదంలో 0.12 ఉన్నప్పుడు శ్లాబు మధ్యలో 0.3 పడింది. శ్లాబు తన సొంత ఫ్రీక్వెన్సీ దగ్గర కంపనాన్ని పెంచుతుంది. కింద మాత్రమే కొలిచి రిపోర్టు ఇస్తే పైన ఉన్నవాళ్లకు అబద్ధం చెప్పినట్టే. మీటరును టైల్స్ మీద వట్టిగా పెట్టకూడదు, అది ఊగి తప్పుడు విలువలు ఇస్తుంది. బరువైన ఇనప పలక మీద బిగించి పెట్టాం.

తవ్వుతున్నంతసేపూ అన్నీ పరిమితి లోపలే. 0.4 దాటింది ఒక్క పనికే. మట్టి తవ్వే స్క్రూ లాంటి ఆగర్‌ను పైకి తీసి, అంటుకున్న బంకమట్టి రాలడానికి ఆపరేటర్ దాన్ని అటూ ఇటూ గట్టిగా విదిలిస్తాడు. ఆ కుదుపు రిగ్ ట్రాకుల గుండా నేలలోకి పోతుంది, రోగులకు వినబడే గణగణ శబ్దమూ దానిదే. ఆపరేటర్‌ను కూర్చోబెట్టి మీటరు గ్రాఫ్ చూపించాను. "ఇది నేనా సార్?" అని ఆశ్చర్యపోయాడు. ఆ తర్వాత ఆగర్‌ను మెల్లగా తిప్పుతూ గడ్డపారతో మట్టి తీయించాడు. ప్రతి పైల్‌కు కొంచెం సమయం ఎక్కువ పట్టింది, శిఖరాలు మాయమయ్యాయి.

గ్రాఫ్‌లో ఇంకొకటి కనబడింది. మేం పని ఆపినప్పుడు కూడా థియేటర్ నేల మీద 0.25 దాకా పడుతూ ఉంది. అది స్ట్రెచర్ ట్రాలీ. ఆసుపత్రి డాక్టర్లు తామే ఆ విలువలు చూశాక మా మీద అనుమానం తగ్గింది. ఆ గ్రాఫ్‌లు జతచేసిన రెండో రిపోర్టును ఆ ఆఫీసు మారు మాట లేకుండా తీసుకుంది. మొదటిసారి అన్న మాటలకు మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

పర్యవేక్షణ ఏర్పాటు ఇలా నడిచింది. థియేటర్ నేల మీద 0.3 దాటితే మా ఫోన్లకు మెసేజ్, 0.4 దాటితే రిగ్ ఆగాలి, కారణం రాసుకున్నాకే మళ్లీ మొదలు. థియేటర్ ఇన్‌చార్జ్ సిస్టర్‌కు రిగ్ ఫోర్‌మన్ నంబరు ఇచ్చాం. మీటరు ఏం చెప్పినా సరే, ఆమె ఫోన్ చేస్తే ఆపాలి. కంటి, చెవి ఆపరేషన్లు ఉదయం ఉంటాయి కాబట్టి ముందు వరస మధ్యాహ్నం చేశాం. ఐసీయూలో అద్దాలు మూసి ఉంటే లోపలికి 51 దాకా వస్తుందని అంచనా వేశాం. అక్కడ అలారాలతోనే 55 దాటుతోంది, కాబట్టి అక్కడి నుంచి ఫిర్యాదు రాలేదు. వచ్చిందల్లా కిటికీలు తెరిచి ఉంచే జనరల్ వార్డు నుంచి. ఆ వార్డుకు మేం ఫ్యాన్లు కొనిచ్చాం, కిటికీలు మూసుకోవడానికి.

మీరు ఇలాంటిది రాస్తుంటే పైల్ తలలు కొట్టే పనిని కూడా ఇప్పుడే చేర్చండి. పైల్ ఆగాల్సిన మట్టాన్ని కట్‌ఆఫ్ అంటాం, దాని పైన మిగిలిన కాంక్రీటును జాక్‌హ్యామర్‌తో కొడితే ఆ దెబ్బ పైల్ గుండా లోతు దాకా పోతుంది, శబ్దం రిగ్ కన్నా ఎక్కువ చిరాకు పెడుతుంది. మేం కాంక్రీటు పోయకముందే కట్‌ఆఫ్ పైభాగంలో రాడ్లకు ఫోమ్ గొట్టాలు తొడిగించాం. కట్‌ఆఫ్ దగ్గర చుట్టూ కోసి తలను క్రేన్‌తో ఎత్తేస్తాం. వచ్చే వారం ఆ పని మొదలవుతుంది, అది అయ్యేదాకా మీటర్లు తీయడం లేదు.