స్దవాల్, స్దాల్: రష్యన్ క్రియ నా పేరును బోర్డుకెక్కించిన వైనం

రష్యాలో వైద్యవిద్యకు వచ్చిన మా తెలుగు విద్యార్థులకు అక్షరాలు వారంలో వస్తాయి, విభక్తులు కంఠస్థం చేస్తే ఒంటబడతాయి. అక్కడివరకూ నాకూ ఇబ్బంది కలగలేదు. నన్ను కుదేలు చేసింది క్రియల జంట. రష్యన్‌లో దాదాపు ప్రతి పనికీ రెండు క్రియలుంటాయి. ఒకటి అసంపూర్ణం, మరొకటి సంపూర్ణం. వాక్యం మొదలుపెట్టేముందే రెండింటిలో ఒకటి ఎంచుకోక తప్పదు.

ప్రయాణానికి ముందు నేను చేరిన శిక్షణ తరగతిలో దీనికి ఒకే ఒక్క సూత్రం రాయించారు: జరుగుతూ ఉన్నది అసంపూర్ణం, జరిగిపోయినది సంపూర్ణం. నెలల తరబడి డబ్బు తీసుకుని ఇంత పొట్టి సూత్రంతో పంపించినవారిని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఎందుకంటే అది అబద్ధం కాదు గాని, సగమే నిజం.

మొన్నటి సెమిస్టరులో జీవరసాయన శాస్త్రం మౌఖిక పరీక్ష పాసయ్యాను. మార్కులు వేసే చిన్న పుస్తకం, అంటే జచ్యోత్క, సంతకం కోసం విభాగంలోనే ఉంది. ఈలోగా దెకనాత్‌లో, అంటే డీన్ కార్యాలయంలో, గుమాస్తా నన్ను "బియాఖీమియు స్దాలి?", అంటే జీవరసాయన శాస్త్రం పాసయ్యారా, అని అడిగింది. పరీక్ష అయి వారం దాటింది కాబట్టి భూతకాలం సరిపోతుందనుకున్నాను. గంటల తరబడి గది బయట కూర్చుని, ఆపై చాలాసేపు జవాబులు చెప్పిన శ్రమంతా మనసులో ఉండి, "దా, స్దవాల్" అన్నాను. ఆమె కళ్లెత్తి "స్దవాల్ ఇలి స్దాల్?" అని గట్టిగా అడిగింది. నా ఉచ్చారణ దిద్దుతోందనుకుని, వెనక వరుసలో ఉన్నవారందరికీ వినిపించేలా "స్దవాల్" అని మరింత స్పష్టంగా చెప్పాను. మర్నాడు పిరిస్దాచ జాబితాలో, అంటే మళ్లీ పరీక్ష రాయవలసినవారిలో, నా పేరు బోర్డు మీద ఉంది. పాసైన పరీక్షకు తప్పినవాడిగా రెండు రోజులు కారిడార్‌లో తిరిగాను. జచ్యోత్క చేతికొచ్చాకే ఆ పేరు కొట్టేశారు.

జరిగింది ఇది. అసంపూర్ణ రూపమైన స్దవాల్ అంటే "పరీక్షకు కూర్చున్నాను" అని మాత్రమే. గట్టెక్కానో లేదో అందులో లేదు. గట్టెక్కి ఉంటే స్దాల్ అనేవాడినే కదా అని వినేవారు ఊహిస్తారు. ఫలితం చెప్పేది సంపూర్ణ రూపమైన స్దాల్ ఒక్కటే. కాదు అనేటప్పుడు ఈ తేడా ఇంకా పదునుగా కనిపిస్తుంది: "నె స్దవాల్" అంటే అసలు కూర్చోలేదు, "నె స్దాల్" అంటే తప్పాను. మన "పరీక్ష రాశాను", "పాసయ్యాను" అనే రెండు వేర్వేరు మాటల పనిని వాళ్లు ఒకే ధాతువులో సర్దారు. భవిష్యత్తులోనూ అంతే: "బూదు స్దవాత్" అంటే రాస్తాను, "స్దామ్" అంటే పాసవుతాను. "బూదు స్దాత్" అనే ప్రయోగమే లేదు.

అయితే జరుగుతూ ఉన్నది, అయిపోయినది అన్న సూత్రం ఎక్కడ తప్పుతుందో మా భాషా ఉపాధ్యాయురాలు కిటికీతో చూపించారు. చలికాలంలో తరగతికి వచ్చి, మూసి ఉన్న కిటికీని చూపి "క్తో అత్క్రివాల్ అక్నో?", అంటే కిటికీ ఎవరు తెరిచారు, అన్నారు. ఎవరో తెరిచారు, మళ్లీ మూశారు. గది చల్లబడింది గాని కిటికీ ఇప్పుడు తెరిచి లేదు. తర్వాత కిటికీ బార్లా తెరిచి "క్తో అత్క్రిల్ అక్నో?" అన్నారు. ఇప్పుడు ఫలితం ఎదురుగా ఉంది. రెండుసార్లూ తెరవడం అనే పని పూర్తయింది. తేడా అల్లా, ఆ ఫలితం ఇంకా నిలిచి ఉందా లేదా అన్నదే. "ఈ పుస్తకం చదివావా?" అని ఊరికే అడిగినప్పుడు, చివరి పుట దాకా చదివినవాడు కూడా "చితాల్" అనడం అందుకే సహజం. ముగించాడా అన్న పట్టింపు ఉంటేనే "ప్రచితాల్" కావాలి.

ఇక్కడ తెలుగు కొంత దూరం తోడొస్తుంది. "తిన్నాను", "తినేశాను" అన్నప్పుడు రెండోదానిలో పళ్లెం ఖాళీ అయినట్టు వినిపిస్తుంది. కాని మనం "తిన్నాను" అని రెండు సందర్భాల్లోనూ అనవచ్చు, రష్యన్‌లో ఆ వెసులుబాటు లేదు. కాలపరిమితి చెప్పేటప్పుడు ఒక ఆనవాలు ఉంది: "ద్వా చసా చితాల్" అంటే రెండు గంటలు చదివాను, "జా ద్వా చసా ప్రచితాల్" అంటే రెండు గంటల్లో చదివేశాను. "సేపు" తోచినచోట అసంపూర్ణం, "లోపల" తోచినచోట సంపూర్ణం పెట్టి చూడండి.

కార్యాలయాల్లో నేను ఇప్పుడు పాటించేది ఒకటే: ఎదుటివారు ఏ రూపంతో అడిగితే ఆ రూపంతోనే జవాబు. ఆసుపత్రిలో అడగవలసింది నేనే కాబట్టి అక్కడ ముందు ఆలోచించాలి. నిన్న వార్డులో కొత్తగా చేరిన పెద్దాయనను, రక్తపోటుకు మందులేమైనా వాడేవారా అని తెలుసుకోవడానికి "ప్రినిమాలి" అని అడిగాను. ఈ ఉదయం నర్సు ఇచ్చిన ఆ ఒక్క మాత్ర మింగారా అని "ప్రీన్యలి" అని అడిగాను. ఆయన "ప్రీన్యల్" అని ఖాళీ గ్లాసు చూపించారు.