శుక్రవారం రాత్రి పన్నెండు దాటితే శనివారం కాదంట!

ఇవాళ పొద్దున అకౌంట్లో డబ్బులు పడ్డాయి, ఆ ఊపులోనే రాసేస్తున్నా. మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చదువుతూ ఒక గోడౌన్‌లో క్యాజువల్, అంటే పర్మనెంట్ కాని సెక్యూరిటీ గార్డుగా చేస్తున్నా. వారానికి మూడు షిఫ్టులు, అందులో నైట్ ఒక్కటే, శుక్రవారం రాత్రి 10కి ఎక్కితే శనివారం పొద్దున 6కి దిగుతా. పదకొండు వారాలు చేశాక గానీ పేస్లిప్ సరిగ్గా చూసుకోలేదు, చూస్తే "నైట్, 8 గంటలు" అని ఒకటే లైను, శనివారం అన్న మాటే లేదు.

మాకు వర్తించేది సెక్యూరిటీ సర్వీసెస్ ఇండస్ట్రీ అవార్డ్. అవార్డ్ అంటే బహుమతి కాదండోయ్, ఈ పనికి కనీసం ఎంత ఇవ్వాలో రాసిన రూల్స్. అందులో సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం 6 తర్వాత, పొద్దున 6 లోపు చేసే గంటలకి 21.7 శాతం ఎక్కువ. శుక్రవారం అర్ధరాత్రి నుంచి శనివారం అర్ధరాత్రి దాకా 50 శాతం, ఆదివారం 100 శాతం. షిఫ్టు ఎప్పుడు మొదలైందని కాదు, ఏ గంట ఏ రోజులో పడిందన్నదే లెక్క. అంటే నా ఎనిమిది గంటల్లో రెండే శుక్రవారానివి, ఆరు శనివారానివి.

ఇక్కడిదాకా బానే ఉంది, ఇక్కడే పరువు పోయింది. బేస్ 26 డాలర్లనుకోండి, నాది కాస్త అటూ ఇటూ. క్యాజువల్ కాబట్టి 25 శాతం అదనం, 26ని 1.25తో గుణించా, 32.50. దాన్ని శనివారం కోసం 1.5తో, 48.75. రాత్రే కదా అని మళ్ళీ 1.217తో గుణిస్తే గంటకి 59.33 వచ్చింది! ఆహా అనుకుని పేరోల్ మేడమ్‌కి పెద్ద మెయిల్ కొట్టా, కొంచెం గట్టిగానే. ఆవిడ మా సూపర్‌వైజర్‌ని కూడా కలిపి జవాబిచ్చింది, ముందు శాతాలు కూడటం నేర్చుకుని రమ్మన్నట్టు. మర్నాడు షిఫ్టు మారే టైములో అందరి ముందూ ఆయన "ఏం మ్యాథ్స్ మాస్టారూ, ఎలా ఉన్నారు" అన్నాడు. ఇంటర్‌లో 1A, 1B రెండిట్లో 75కి 75 తెచ్చుకున్నవాణ్ణి నేను, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

తప్పు నాదే. ఈ అవార్డ్‌లో శాతాలు ఒకదాని మీద ఒకటి ఎక్కవు, అన్నీ బేస్ మీదే లెక్కేసి కూడాలి. శనివారం 100, 25, 50 కలిపితే 175 శాతం, అంటే 45.50. పైగా ఆ 21.7 వారం రోజుల రాత్రులకి మాత్రమే, శనివారం అర్ధరాత్రి అయినా సరే అది కలవదు. శుక్రవారం 100, 25, 21.7 కలిపి 146.7 శాతం, 38.14. రెండు గంటలకి 76.28, ఆరు గంటలకి 273, మొత్తం 349.28. వాళ్ళిచ్చింది ఎనిమిదీ 38.14 చొప్పున 305.12. ఒక్కో షిఫ్టుకి 44.16 తక్కువ. జీతాల రూల్స్ చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ సైట్లో పే కాలిక్యులేటర్ ఉంది, నాలాగా పెన్నూ పేపరూ హీరోయిజం చేసే ముందు అందులో వేసి చూడండి. రోస్టర్‌లో మూడింట రెండొంతుల కంటే ఎక్కువ షిఫ్టులు రాత్రి 12 నుంచి 6 మధ్య గంటల్ని తాకేవాళ్ళకి మాత్రం 21.7 కాదు, 30 శాతం.

రూమ్మేట్ "వీసా మీదున్నాం, నోరు మూసుకుని పడుండరా" అన్నాడు. వీళ్ళ ధైర్యమంతా మన ఈ భయమే. సరిచేసిన లెక్క పంపితే మేడమ్ ఈసారి ఇంకో పాట అందుకుంది, మా దగ్గర షిఫ్టు మొదలైన రోజు రేటే ఇస్తాం, అదే పద్ధతి అని. అప్పుడు గుర్తొచ్చింది, మధ్యలో ఒకసారి వేరే అతను రాకపోతే ఆదివారం రాత్రి 10 నుంచి సోమవారం 6 దాకా చేశా. పాత పేస్లిప్ తీశా. ఆదివారం రేటు 2 గంటలు, నైట్ 6 గంటలు! మొదలైన రోజు లెక్కయితే ఎనిమిది గంటలూ 225 శాతం రావాలి కదా? రేటు తగ్గేటప్పుడు అర్ధరాత్రి పన్నెండు కచ్చితంగా కనిపిస్తుంది, పెరిగేటప్పుడు మాత్రం గడియారం ఆగిపోతుంది.

ఆ రెండు స్లిప్పులూ పక్కపక్కన పెట్టి, కింద ఒక్క ముక్క కూడా కోపంగా రాయకుండా, ఏది మీ పద్ధతో చెప్పండి మేడమ్ అని అడిగా. నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఇవాళ పదకొండు శుక్రవారాల బకాయి టాక్స్ పోగా పడింది, స్లిప్పులో శుక్రవారం 2, శనివారం 6 అని రెండు లైన్లు. సారీ అన్న మాట లేదు. రేపు రాత్రి నాతో డ్యూటీకి వచ్చే నేపాలీ తమ్ముడికి కూడా పాత స్లిప్పులన్నీ తెచ్చుకోమని చెప్పా.