సీటు బెల్టు చివరిదాకా లాగి చూపించాం

విజయవాడలో చిన్న వ్యాపారాలకు ప్రకటనలు రాసి ఇవ్వడం నా పని. 2025 సంక్రాంతి వెళ్లిన వారంలో పాత కార్లు అమ్మే ఒక ఓనరు గారు పిలిచారు. అంతకు ముందు సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు వీధులన్నీ నీళ్లలో ఉన్న సంగతి తెలిసిందే. ఆ తర్వాత ఆయనకు వచ్చే ప్రతి ఫోనులోనూ మొదటి ప్రశ్న ఒకటే: "బండి వరదలో మునిగిందాండీ?" ధర తర్వాత అడుగుతున్నారు, మోడల్ తర్వాత అడుగుతున్నారు.

అమ్మాల్సిన బండి 2018 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. తెల్ల రంగు, 61 వేల కిలోమీటర్లు తిరిగింది. ఆయన అడుగుతున్న ధర 4,60,000. వీడియో ప్రకటన కోసం నేను అలవాటుగా రాసేశాను: సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్, వరదలో మునగని బండి. చదివి వినిపిస్తుంటే పక్కనే చేతులు తుడుచుకుంటున్న మేస్త్రి గారు ఆపారు.

"మునగలేదని నేనెలా చెప్తాను సార్? అప్పుడు ఈ బండి నా దగ్గర లేదు కదా. మునిగిన గుర్తులు నాకు కనపడలేదు అంటే, ఆ మాట మీద నిలబడతాను."

ఆ తేడా దగ్గరే నా స్క్రిప్టు మొత్తం మారిపోయింది. హామీ ఇచ్చే వాక్యాలన్నీ కొట్టేసి, మేస్త్రి గారు ఎక్కడెక్కడ చూశారో, అక్కడ ఏం కనపడిందో మాత్రమే రాయాలని నిర్ణయించుకున్నాను. మాట్లాడేది కూడా యాంకరు కాదు, ఆయనే. పక్కన మ్యూజిక్ వద్దన్నాను. ఎక్కడా కట్ లేకుండా ఒకటే షాట్‌లో తీయాలన్నాను. ఎందుకంటే వీడియోలో కట్ వచ్చిన ప్రతిచోటా చూసేవాడికి అక్కడేదో దాచారన్న అనుమానం వస్తుంది.

మొదటిసారి తీసింది పనికిరాలేదు. షూటింగు కదా అని బండిని కడిగించి, తడి ఆరకముందే తెచ్చి నిలబెట్టారు. తడి మీద గీతలు కనపడవు. పైగా మిట్టమధ్యాహ్నం ఎండ నిలువుగా పడుతుంటే చిన్న సొట్టలు అసలు తెలియవు. మర్నాడు పొద్దున ఏడున్నరకు, ఏటవాలు ఎండలో, పొడిబట్టతో తుడిచిన బండితో మళ్లీ మొదలుపెట్టాం.

మొదటి మాట ఇలా రాశాను: "బానెట్ మీద చెయ్యి వేస్తున్నాను, చల్లగా ఉంది. రాత్రి నుంచి స్టార్ట్ చెయ్యలేదు." చల్లటి ఇంజన్ మొదటి స్టార్ట్‌లోనే నిజం చెబుతుందని మేస్త్రి గారి మాట. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతున్నట్టు. తెల్లపొగ కాసేపటికి ఆగిపోతే అది ఆవిరే. ఇంజన్ వేడెక్కాక కూడా దట్టంగా వస్తూనే ఉంటే కూలెంట్ లోపలికి వెళ్తోందేమో చూడాలి. ముందే వేడి చేసి ఉంచిన బండిలో ఈ తేడాలు సరిగా బయటపడవు. ఆ రోజు పొగ రాలేదు.

తర్వాత పెయింట్ మందం కొలిచే చిన్న మీటరుతో చుట్టూ తిరిగారు. కంపెనీ పెయింటు మామూలుగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. టాప్ మీద 112, బానెట్ మీద 118, ముందు డోర్ల మీద కూడా అటూ ఇటుగా అంతే. కుడివైపు వెనక డోరు దగ్గరకు వచ్చేసరికి 640 చూపించింది. అంటే కింద పుట్టీ ఉందన్నమాట.

ఓనరు గారు అక్కడ ఆపించారు. "ఆ ముక్క ఒక్కటి తీసేద్దామండీ, మిగతాదంతా బాగుంది కదా" అన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది. కానీ ఆ అంకె తీసేస్తే మిగతా అంకెలకు విలువ ఉండదు. అన్నీ బాగున్నాయని చెప్పే వీడియోలు జనం రోజూ చూస్తూనే ఉన్నారు. అయితే 640 అని చెప్పి వదిలేస్తే కూడా తప్పే, చూసేవాడు దాన్ని పెద్ద యాక్సిడెంట్ అనుకుంటాడు. అందుకని మేస్త్రి గారిని అడిగాను: దెబ్బ డోరు రేకుతో ఆగిందా, లోపలికి వెళ్లిందా, ఎలా తెలుస్తుందని.

ఆయన డోరు తెరిచి, చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు లాగి పిల్లర్ అంచు చూపించారు. కంపెనీలో వేసిన స్పాట్ వెల్డింగు గుండ్రటి చిన్న గుంటల్లా, దాదాపు ఒకే దూరంలో వరసగా కనిపిస్తుంది. కొట్టి సరిచేసిన చోట ఆ వరస చెదిరిపోతుంది, లేదా గుంటలు కనపడకుండా పైన పూత ఉంటుంది. ఇక్కడ వరస అలాగే ఉంది. అప్పుడు ఈ మాటలు రాశాను: "ఈ డోరుకు దెబ్బ తగిలింది, పుట్టీ పెట్టి రంగు వేశారు. పిల్లర్ వెల్డింగు చెదరలేదు. బంపరు ప్లాస్టిక్ కాబట్టి ఈ మీటరు దాని మీద పని చెయ్యదు, దాని గురించి నేను చెప్పలేను."

ఆ చివరి వాక్యం నాకు ఈ స్క్రిప్టులో అన్నిటికంటే ఇష్టం.

వరద సంగతి చివర్లో పెట్టాం. డ్రైవరు సీటు బెల్టును చివరిదాకా లాగారు. బురదనీళ్లలో ఉన్న బండిలో, మామూలుగా బయటకు రాని ఆ చివరి మూరలో మరక గీత మిగిలిపోవచ్చు. పైన కనిపించే బెల్టును కడుగుతారు కానీ చుట్ట లోపలి భాగాన్ని చాలామంది మర్చిపోతారు. తర్వాత స్టెప్నీ తీసి కింది గుంట, సీటు కింద బోల్టులు, కార్పెట్ ఎత్తి దాని అడుగు చూపించారు. మట్టి లేదు, తుప్పు లేదు. "నేను చూసిన చోట్ల నీళ్లు నిలిచిన గుర్తులు లేవు. గేర్‌బాక్స్ విప్పి చూడలేదు" అన్నారు.

డిసెంబరులో రెన్యువల్ చేసిన ఇన్సూరెన్సు పాలసీలో 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఉంది. దాన్ని వరద క్లెయిమ్ లేదనడానికి రుజువుగా వాడదామనుకున్నాను. కానీ ఆ బోనస్ ఓనరుది, బండిది కాదు, పాత కారు మీది బోనస్‌ను కొత్త దానికి మార్చుకోవచ్చు. చేతి డబ్బుతో రిపేరు చేయించుకున్నా బోనస్ పోదు. అందుకే పాలసీ చూపించాం కానీ, దాని మీద ఏ మాటా చెప్పలేదు.

వెనక టైర్ల మీద 1418 అని ఉంది. అంటే 2018లో 14వ వారం తయారీ. వాటిని మార్చుకోవాలని వీడియోలోనే చెప్పి, ఆ ఖర్చు, డోరు సంగతి కలిపి ధర 4,45,000 చేశారు ఓనరు గారు. మొత్తం నిడివి మూడు నిమిషాల చిల్లర వచ్చింది. నాకు నిమిషన్నర కావాలి. కానీ బీడింగు లాగే చోటా, బెల్టు లాగే చోటా కుదించడానికి మనసొప్పలేదు.

ఈసారి ఫోన్లు తక్కువే వచ్చాయి. మంగళగిరి నుంచి ఒకాయన వాళ్ల అన్నయ్యతో, సొంత మెకానిక్‌తో వచ్చారు. నేరుగా కుడి వెనక డోరు దగ్గరకు వెళ్లి తమ మీటరు పెట్టి చూసుకున్నారు. తర్వాత ఆ అన్నయ్య లోపల కూర్చుని వెనక బెల్టులు కూడా లాగడం మొదలుపెట్టారు. "వీడియోలో డ్రైవరుది ఒక్కటే చూపించారేంటండీ?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. అది నాకు తట్టలేదు, అంతే. అవీ శుభ్రంగానే ఉన్నాయి, బండి ఆ రోజే అడ్వాన్సు అయింది. తర్వాతి బండి స్క్రిప్టులో అన్ని బెల్టులూ లాగించాను.